జిన్నింగ్ మిల్లు స్టోర్‌లో ఏది వైటల్, ఏది ఎసెన్షియల్? ధరను కలిపి ఎలా చూడాలి?

దూది_స్టోర్_పరకాల

అందరికీ నమస్తే. పరకాల దగ్గర ఒక జిన్నింగ్, ప్రెస్సింగ్ మిల్లులో స్టోర్ చూస్తాను. మాకు 24 డబుల్ రోలర్ జిన్‌లు, ఒకే ఒక్క బేలు ప్రెస్ ఉన్నాయి. స్టోర్‌లో 640 రకాల స్పేర్లున్నాయి, వాటి విలువ 31 లక్షలు. పత్తి రావడం మొదలయ్యేలోగా దీన్ని 20 లక్షలకు దించమని మా ఓనరు చెప్పారు.

ఒక్కో స్పేరుకూ వైటల్, ఎసెన్షియల్, డిజైరబుల్ అని గ్రేడు పెట్టమని ఫిట్టర్లకు లిస్టు ఇచ్చాను. 410 ఐటమ్‌లకు వైటల్ అని రాసిచ్చారు. అడిగితే "అది లేకపోతే మిషన్ నడుస్తదా సార్?" అంటున్నారు. నడవదు, నిజమే. కానీ మూడింట రెండు వంతులు వైటలే అయితే నేను తగ్గించేది దేన్ని? గ్రేడు పెట్టేటప్పుడు ధరను ఎక్కడ కలపాలి? ఫ్యాక్టరీ స్టోర్లలో చేసినవాళ్లు చెప్పండి.

పర్చేజ్_కరీంనగర్

ముందు ఏబీసీ చేయండి, సగం సమస్య అక్కడే తీరిపోతుంది. ఏడాదిలో ఎన్ని వాడారో దాన్ని ఒక్కోదాని ధరతో గుణించి, పెద్ద మొత్తం నుంచి చిన్న మొత్తానికి వరుసగా పేర్చండి. మొత్తం విలువలో దాదాపు 70 శాతం పైనున్న కొద్ది ఐటమ్‌లలోనే ఉంటుంది. అవి ఏ క్లాస్, వాటి మీద గట్టి కంట్రోల్ పెట్టండి. అడుగున ఉన్నవి సి క్లాస్, వాటిని పట్టించుకోనక్కర్లేదు. రెండేళ్లుగా కదలనిది ఏదైనా సరే అమ్మేయండి. మీ 11 లక్షలు అందులోనే దొరుకుతాయి.

మందుల_గది_హనుమకొండ

నేను ఆసుపత్రి ఫార్మసీలో చేస్తాను. మా దగ్గర ఈ రెండు పద్ధతులనూ కలిపే వాడతాం. ప్రాణానికి అవసరమైనవి ఎంత చవకైనా, ఖరీదైనవి ఎంత అవసరం లేనివైనా అన్నీ మొదటి వర్గంలోకే వస్తాయి. అంటే వైటల్ అన్నీ, ఏ క్లాస్ అన్నీ కలిపి ఒకటి. వాటిని పెద్ద డాక్టరు, స్టోర్ ఇన్‌చార్జి కలిసి చూస్తారు. మిగిలిన ఎసెన్షియల్స్, మధ్య ధరలో ఉన్న డిజైరబుల్స్ రెండోది. చవకగా ఉండి, లేకపోయినా నడిచేవి మూడోది, వాటికి ఏడాదికి ఒకటి రెండు ఆర్డర్లు చాలు. మీ మిల్లుకు కూడా ఇదే సరిపోతుంది కదా?

రిటైర్డ్_మెయింటెనెన్స్_రామగుండం

అమ్మా, మీరు చెప్పిన పద్ధతి మందులకు సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే మందు రోజూ ఖర్చవుతుంది. స్పేర్ల దగ్గర చిక్కు వేరే ఉంది. కరీంనగర్ తమ్ముడు చెప్పిన లెక్క ప్రకారం బేలు ప్రెస్ హైడ్రాలిక్ పంపును పెడితే ఏమవుతుందో చూడండి. ధర దాదాపు రెండు లక్షలు. గత ఐదేళ్లలో వాడినవి సున్నా. రెండు లక్షలను సున్నాతో గుణిస్తే సున్నా. అది సి క్లాస్‌లో అట్టడుగున, నట్లు బోల్టుల కంటే కింద పడుతుంది. పైగా రెండేళ్లుగా కదల్లేదు కాబట్టి అమ్మకానికి పెడతారు. స్టోర్‌లో అన్నిటికంటే జాగ్రత్తగా ఆలోచించాల్సిన వస్తువు ఈ పద్ధతిలో అన్నిటికంటే ముందు పోతుంది.

అందుకే స్పేర్లకు ఏడాది వాడకాన్ని పక్కన పెట్టి, ఒక్క పీసు ధరను తీసుకోండి. బెల్టులు, గ్రీజు, లెదర్ రోలర్ల లాంటి తరచూ ఖర్చయ్యేవాటికి మాత్రం తమ్ముడు చెప్పిన ఏబీసీ బాగా పనిచేస్తుంది, వాటిని విడిగా అలాగే చేయండి.

రెండో మాట ఫిట్టర్ల గురించి. వాళ్లు అడిగిన ప్రశ్న "మిషన్ నడుస్తదా" అని. మీరు అడగాల్సింది "మిల్లు నడుస్తుందా" అని. 24 జిన్‌లలో ఒకటి ఆగితే 23 నడుస్తాయి. ప్రెస్ ఆగితే లింట్ హాలు నిండేదాకానే జిన్‌లు నడుస్తాయి, ఆ తర్వాత అన్నీ ఆగుతాయి. కాబట్టి గ్రేడు వస్తువుకు కాదు, అది కూర్చునే చోటుకు పెట్టాలి. ఒకే నంబరు బేరింగు జిన్‌లోనూ, ప్రెస్ పంపు మోటారులోనూ ఉండొచ్చు. జిన్‌లో అది ఎసెన్షియల్, మోటారులో వైటల్. స్టోర్ కార్డు మీద రెండిట్లో గట్టిదే రాయాలి. అందులో ఒక పీసును ప్రెస్ కోసమని విడిగా కట్టి పెట్టాలి, లేకపోతే జిన్‌ల వాళ్లు చివరిదాకా వాడేస్తారు.

ప్రెస్_ఫిట్టర్_నర్సంపేట

పెద్దసారు చెప్పింది కరెక్టు. నేను ప్రెస్ మీదనే పనిచేస్త. మాకైతే లింట్ హాలు నాలుగైదు గంటల్ల నిండుతది. గా తర్వాత దూది బయట పోస్తే మంట భయం, మన్ను కలుస్తది. అందుకే ప్రెస్‌ల ఏది పోయినా నాలుగు గంటల్ల దొరుకుతదా లేదా అని చూస్త నేను. దొరకకపోతే గది వైటల్. సీదా లెక్క.

ఇంకో మాట. ధర తక్కువని కాయిల్‌ని అలుసు చెయ్యకుండ్రి. ప్రెస్ సోలెనాయిడ్ వాల్వు కాయిల్ వెయ్యి రూపాయలకు అటు ఇటు ఉంటది. కాలిపోతే ర్యామ్ పైకి రాదు, కిందికి పోదు. ఒక మిల్లుల స్టోర్ రిజిస్టర్‌ల రెండు కాయిళ్లు ఉన్నయని రాసి ఉండె. రాత్రి కాలింది, డబ్బా విప్పితే రెండూ 230 వోల్టుల ఏసీవి. ప్రెస్‌కు కావల్సింది 24 వోల్టుల డీసీ. చూడనీకి రెండూ ఒక్కతీర్గనే ఉంటయి, మీద సన్నగ అచ్చేసిన నంబరు చూస్తెనే తెలుస్తది. పొద్దుగాల సికింద్రాబాద్ రాణిగంజ్‌ల దుకాణం తెరిచేదాంక ప్రెస్ నిలవడ్డది. చవక వైటల్ ఐటమ్‌లకు లెక్కలు అక్కర్లేదు, రెండు మూడు పెట్టుకోవాలె. కానీ సీజన్‌కు ముందు ఒక్కొక్కటి చేతిల పట్టుకొని మిషన్ మీద ఉన్నదానితోని నంబరు కలిపి చూడాలె.

బాయిల్డ్_రైస్_పెద్దపల్లి

నాదీ ఇదే ప్రశ్న. మా బాయిల్డ్ రైస్ మిల్లులో షెల్లర్ రబ్బరు రోళ్ల ఖర్చే ఎక్కువ. వాటిని వైటల్ అని ఒక నెలకు సరిపడా తెచ్చి పెట్టాం, డబ్బంతా అందులోనే ఇరుక్కుంది. రోళ్లు ఎక్కడ తక్కువకు వస్తాయో ఎవరైనా చెప్పగలరా?

రిటైర్డ్_మెయింటెనెన్స్_రామగుండం

పెద్దపల్లి తమ్ముడూ, తక్కువ ధరకు ఎక్కడ దొరుకుతాయో నాకు తెలియదు. మీ ఊళ్లోనే దుకాణంలో అదే రోజు దొరుకుతాయా?

బాయిల్డ్_రైస్_పెద్దపల్లి

దొరుకుతాయి సార్, బండి మీద పోయి గంటలో తెచ్చుకోవచ్చు.

రిటైర్డ్_మెయింటెనెన్స్_రామగుండం

అయితే ఆ దుకాణమే మీ స్టోర్. నాలుగైదు రోజులకు సరిపడా ఉంచుకుని మిగతాది అక్కడే ఉండనివ్వండి. రోల్ అవసరం గొప్పదే, కానీ అది గంటలో వస్తుంది. దానికోసం డబ్బు కట్టిపెట్టాల్సిన పని లేదు. పైగా రబ్బరు ఎండలో, వేడిలో ఉంటే గట్టిపడుతుంది, పాత రోళ్లు త్వరగా అరుగుతాయి. నెల సరుకు కొంటే అటు కూడా నష్టమే.

దూది_స్టోర్_పరకాల

పెద్దాయన చెప్పినట్టు ఒక్క పీసు ధర ప్రకారం పేర్చి చూశాను. పైనున్న 38 ఐటమ్‌లలోనే 22 లక్షలు ఉన్నాయి! మిగతా 602 ఐటమ్‌లూ కలిపి 9 లక్షలే. అంటే చిన్నవాటిని ఎంత గీకినా ఓనరు అడిగిన 11 లక్షలు రావు.

ఆ 38లో నాకు తేలనివి రెండు. ఒకటి ప్రెస్ హైడ్రాలిక్ పంపు, కొత్తది 1,80,000. స్టోర్‌లో ఒకటుంది. రెండోది జిన్ గేర్‌బాక్సు, ఒక్కోటి 40,000, స్టోర్‌లో మూడున్నాయి. ఒక్కో జిన్ గంటకు 50 కిలోల లింట్ తీస్తుంది, రోజుకు 20 గంటలు నడుపుతాం. ఖర్చులు పోను బేలుకు మాకు సుమారు వెయ్యి రూపాయలు మిగులుతుందని అకౌంటెంటు చెప్పాడు.

రిటైర్డ్_మెయింటెనెన్స్_రామగుండం

ఈ అంకెలు చాలు, కాగితం మీద తేల్చేయొచ్చు.

24 జిన్‌లు కలిసి గంటకు 1,200 కిలోలు. బేలు 170 కిలోలు కాబట్టి గంటకు ఏడు బేళ్లు, రోజుకు 140. ప్రెస్ ఒక రోజు ఆగితే లక్షా నలభై వేలు పోతాయి. ఒక్క జిన్ రోజంతా ఆగితే వెయ్యి కిలోలు, అంటే ఆరు బేళ్లు, ఆరు వేల రూపాయలు. రెండిట్లోనూ ఆగింది "మిషనే". పోయే డబ్బు మాత్రం ఇరవై రెట్లకు పైగా తేడా.

ఇప్పుడు గేర్‌బాక్సు. ఆర్డరు పెడితే ఐదు రోజుల్లో వస్తుందనుకుందాం. స్టోర్‌లో లేకపోతే ఒక్కసారికి 30,000 నష్టం. 24 గేర్‌బాక్సులున్నాయి, ఒక్కోటి పన్నెండేళ్లకు ఒకసారి పోతుందనుకున్నా సీజన్‌కు రెండు పోతాయి. అంటే 60,000. ఒక స్పేరు పెట్టుకుంటే వడ్డీ, చోటు, పాడవడం అన్నీ కలిపి ఏడాదికి ధరలో 20 శాతం వేసుకున్నా 8,000. కాబట్టి మొదటిది తప్పకుండా ఉండాలి. రెండోది ఎప్పుడు అక్కరకొస్తుంది? మొదటిది వాడిన ఐదు రోజుల్లోనే ఇంకొకటి పోతే. అది చాలా అరుదు. అప్పుడు కూడా పోయేది రోజుకు ఆరు వేలే. మూడోది దండగ. గేర్‌బాక్సు ఎసెన్షియల్, ఒకటి చాలు, వాడిన రోజే ఆర్డరు పెట్టాలి. ఇప్పుడున్న మూడింటిలో రెండింటిని అమ్మనక్కర్లేదు, అరిగిన జిన్‌లకు ఎక్కించి వాడేయండి, తర్వాత కొనడం ఆపండి.

పంపు సంగతి వేరు. స్పేరు లేకుండా పంపు పోతే ఎన్ని రోజులు ఆగుతారు? కొత్తది మూడు వారాల్లో వస్తుందంటే, స్పేరు ఎక్కించే ఒక రోజు తీసేసినా 20 రోజులు, 28 లక్షలు. దాన్ని ఉంచుకునే ఖర్చు ఏడాదికి 36,000. ఓనరుకు ఈ రెండు అంకెలూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి చూపించండి.

మిల్లు_లెక్కలు_జమ్మికుంట

పెద్దనాన్నా, మా ఇంట్లో మిల్లుంది, లెక్కలు నేను చూస్తాను కాబట్టి ఓనరు వైపు నుంచి అడుగుతున్నాను. 28 లక్షలు అనేది భయపెట్టే అంకె. నిజంగా పంపు పోతే ఎవరూ మూడు వారాలు చేతులు కట్టుకుని కూర్చోరు. విప్పి బాలానగర్‌కు పంపి బాగు చేయిస్తారు. పోనూ రానూ కలిపి నాలుగు రోజులు. స్పేరు ఉంటే అర రోజులో ఎక్కిస్తారనుకున్నా తేడా మూడున్నర రోజులే, అంటే 4,90,000. పంపు ఎనిమిదేళ్లకు ఒకసారి పోతుందంటే ఏడాదికి 61,000, ఉంచుకోవడమే లాభం. పదిహేనేళ్లకు ఒకసారి పోతుందంటే ఏడాదికి 33,000, ఉంచుకోవడం నష్టం. ఎనిమిదా పదిహేనా అన్నది ఏ ఒక్క మిల్లు రికార్డులోనూ దొరకదు, ఒక్కో మిల్లులో ఉండేది ఒక్క ప్రెస్సే కాబట్టి.

ఇంకో దారి ఉంది. చుట్టుపక్కల ఒకే మోడల్ ప్రెస్ ఉన్న నాలుగు మిల్లులు కలిసి ఒక పంపు కొనుక్కోవచ్చు. ఒక్కొక్కరికి 45,000 పడుతుంది.

పర్చేజ్_కరీంనగర్

ఇది మంచి మాట. పంపు విషయంలో ఏడాది వాడకం లెక్క పనికిరాదని ఒప్పుకుంటాను. కానీ కదలని సరుకంతా ఎప్పుడైనా అక్కరకొస్తుందని దాచే ఇన్సూరెన్స్ స్పేరే అంటే కూడా నేను నమ్మను. మా దగ్గర "వైటల్, ముట్టుకోవద్దు" అని ట్యాగు కట్టిన డబ్బాలు విప్పించి చూస్తే, మిల్లు ఎప్పుడో అమ్మేసిన మిషన్‌వి ఉన్నాయి. ఆ 38 ఐటమ్‌లలో ఒక్కొక్కటి ఏ మిషన్‌దో, ఆ మిషన్ ఇప్పుడు షెడ్డులో ఉందో లేదో ముందు చూడండి.

ప్రెస్_ఫిట్టర్_నర్సంపేట

నలుగురు కలిసి కొనుడు కాగితం మీద మంచిగనే ఉంటది అక్కా. కానీ అందరి ప్రెస్‌లు డిసెంబర్‌లనే రాత్రింబవళ్లు నడుస్తయి. ఇద్దరివి ఒక్క వారంల పోతే ఎవరికి ఇయ్యాలె? ఎవరి స్టోర్‌ల పెడితే వాళ్లే ముందు ఎక్కించుకుంటరు.

బాలానగర్ మాట కూడా అన్నిసార్లు నడవది. సీలు, బేరింగు పోతే బాగైతది. ఆయిల్‌ల మన్ను పోయి లోపల బ్యారెల్ గీసుకపోతే ఎవ్వరూ బాగు చెయ్యరు, కొత్తదే కావాలె. గది ముందుగల్లనే తెలుస్తది. మెల్లమెల్లగ ప్రెషర్ ఎక్కుడు లేటైతది. మొదట బేలు కట్టనీకి పట్టిన టైం కంటే నాలుగో వంతు ఎక్కువ పడుతుందంటే, ఆయిల్ వేడెక్కుతుందంటే, పంపు లోపల లీకేజీ మొదలైనట్టే. రోజూ ఆ టైం రాసిపెట్టుకుంటే పంపు పోకముందు ఒక నెల దొరుకుతది. గట్ల రాసే మిల్లుకు స్పేర్ పంపు అంత అవసరం ఉండదు, సీల్ కిట్టు, షాఫ్ట్ బేరింగు పెట్టుకుంటె చాలు. రాయని మిల్లు మాత్రం పంపు పెట్టుకోవాలె.

స్టోర్‌ల ఉన్న పంపును ఒక్కసారి చూడుండ్రి. ఆయిల్ నింపి, పోర్టులకు మూతలు బిగించి ఉన్నదా? షాఫ్టును చేత్తోని తిప్పితే తిరుగుతదా? దుమ్ముల ఉత్తగ పడేస్తే లోపల తుప్పు పడుతది. కార్డు మీద వైటల్ అని ఉంటది, ఎక్కిస్తే రెండో రోజే పోతది.

దూది_స్టోర్_పరకాల

చూశాను అన్నా. మూతలు ఉన్నాయి, కానీ లోపల ఆయిల్ లేదు, షాఫ్టు చేతికి తిరగలేదు. ప్లాస్టిక్ కవరు మీద దూది దుమ్ము పేరుకుని ఉంది. విప్పి చూడటానికి రేపు పంపిస్తున్నాం.

మందుల_గది_హనుమకొండ

పెద్దాయన చెప్పిన తేడా అర్థమైంది. మా దగ్గర కూడా వాడకాన్ని బట్టి చూడని మందు ఒకటుంది. పాము కాటు ఇంజెక్షన్. కొన్ని నెలలు ఒక్క వయలు కూడా ఖర్చు కాదు, వానలు పడి పొలం పనులు మొదలయ్యాక వరుసగా కేసులు వస్తాయి. కాబట్టి జూన్‌కు ముందే ఎక్కువ తెప్పిస్తాం. మీ గ్రేడు కూడా ఏడాది పొడుగునా ఒకటే ఉండక్కర్లేదేమో.

ఇంకో ప్రశ్న. మీరంతా మిల్లు ఆగితే ఎంత డబ్బు పోతుందనే చూస్తున్నారు. మనుషుల ప్రాణానికి సంబంధించిన స్పేర్లను ఏ గ్రేడులో పెట్టారు? పత్తి మిల్లుల్లో మంటలని ఏటా వింటుంటాం.

రిటైర్డ్_మెయింటెనెన్స్_రామగుండం

అమ్మా, ఇది నేనే మొదట అడగాల్సింది. పరకాల తమ్ముడూ, మీ ఫైర్ పంపు ఇంజను బ్యాటరీకి, హైడ్రెంటు వాల్వు స్పేర్లకు, హోస్ కప్లింగులకు ఏం గ్రేడు పడిందో చూసి చెప్పు.

దూది_స్టోర్_పరకాల

బ్యాటరీకి డిజైరబుల్ అని ఉంది. కప్లింగులకు ఎసెన్షియల్. "అది లేకపోయినా మిల్లు నడుస్తది" అని రాసి ఉంది పక్కన.

రిటైర్డ్_మెయింటెనెన్స్_రామగుండం

మిల్లు నడుస్తుందా అన్న ప్రశ్న ఇక్కడ పనికిరాదు. ఫైర్ పంపు, బాయిలర్ సేఫ్టీ వాల్వు, ఎమర్జెన్సీ స్టాప్ స్విచ్, ఇలాంటివి మనిషిని కాపాడేవి. వీటికి రూపాయల లెక్క వేయకుండా నేరుగా వైటల్ రాయండి. ధర కలిపి చూసేది మిగతా వాటికే. బ్యాటరీని మాత్రం స్టోర్‌లో పెట్టి చార్జి చేయకపోతే అది పనిచేయదు, కాబట్టి అది ఫైర్ పంపు దగ్గరే చార్జర్ మీద ఉండాలి.

సీజన్ సంగతి కూడా ఫార్మసీ అమ్మ సరిగ్గా చెప్పింది. సంక్రాంతి తర్వాత పత్తి రాక తగ్గి, రోజుకు 20 గంటల పని ఉండదు. అప్పుడు ఒక జిన్ ఆగినా మిగతావి ఇంకో గంట నడిపితే సరిపోతుంది, పోయే ఆరు వేలు కూడా పోవు. గేర్‌బాక్సు అక్టోబర్‌లో ఎసెన్షియల్ అయితే ఫిబ్రవరిలో డిజైరబులే. ప్రెస్ స్పేర్లు మాత్రం చివరి బేలు దాకా వైటలే.

ప్రెస్_ఫిట్టర్_నర్సంపేట

జిన్‌లు 24 ఉన్నయి కదా అని లెదర్ రోలర్లను వదిలెయ్యకుండ్రి సార్. గేర్‌బాక్సులు ఒకటి అప్పుడు, ఒకటి ఇప్పుడు పోతయి. రోలర్లు అట్ల కావు. మొత్తం 24 జిన్‌లకు సీజన్ ముందు ఒక్కసారే కొత్తయి ఎక్కిస్తరు, అన్నీ ఒక్కతీర్గ అరుగుతయి, జనవరిల అన్నీ ఒక్కసారే మార్చుమంటయి. అప్పుడు 23 నడుస్తున్నయి కదా అన్న మాట ఉండదు. సగం జిన్‌లకు పాతయి, సగం జిన్‌లకు కొత్తయి ఎక్కిస్తే ఆ ఇబ్బంది ఉండదు, స్టోర్‌ల కూడా తక్కువ పట్టుకోవచ్చు.

మిల్లు_లెక్కలు_జమ్మికుంట

ఇది మా మిల్లులో ఎవరూ చెప్పలేదు అన్నా. ఈసారి రెండు విడతలుగా మారుస్తాం.

పంపు మీద మాత్రం నా మాట మారలేదు. నెల రోజుల ముందు తెలిసే ఆనవాలు ఉందంటే, లక్షా ఎనభై వేలు కట్టిపెట్టడం కంటే ప్రతి షిఫ్టులో టైం రాయించడం మేలు.

రిటైర్డ్_మెయింటెనెన్స్_రామగుండం

రాయిస్తే మేలే తల్లీ. కానీ డిసెంబర్‌లో మూడు షిఫ్టులు నడిచేటప్పుడు ఆ పుస్తకాన్ని ఎవరు రాస్తారు, రాసింది ఎవరు చదువుతారు అన్నది మిల్లును బట్టి ఉంటుంది. పైగా సక్షన్ స్ట్రెయినర్ చిరిగి ముక్క లోపలికి పోతే నెల కాదు, గంట కూడా ముందు తెలియదు. నేనైతే పంపు ఉంచుతాను. తమ్ముడూ, నువ్వు ఒక పని చేయి. సప్లయరును డెలివరీ ఎన్ని రోజులు అని ఊరికే అడగకు. ఇప్పుడు ఆర్డరు పెడితే ఎన్ని రోజులు, డిసెంబర్‌లో పెడితే ఎన్ని రోజులు అని రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా అడుగు.

దూది_స్టోర్_పరకాల

అడిగాను. నాగపూర్ నుంచి జవాబు వచ్చింది. ఇప్పుడైతే రెండు వారాలు, డిసెంబర్‌లో ఐదు వారాలట. అంటే మనం వేసిన 20 రోజుల లెక్క కూడా తక్కువే.

పాత మిషన్ల స్పేర్లను కరీంనగర్ సార్ చెప్పినట్టు వెతికితే నాలుగున్నర లక్షలవి బయటపడ్డాయి, అవి అమ్మకానికి పెట్టాం. రెండు గేర్‌బాక్సులు జిన్‌లకు ఎక్కించాం. ఫిట్టర్లతో కూర్చుని "నాలుగు గంటల్లో దొరుకుతదా, మిల్లు ఆగుతదా" అని ఒక్కొక్కటీ అడుగుతూ పోతే వైటల్ 410 నుంచి 96కు దిగింది. ఇంకా దాదాపు ఆరు లక్షలు తగ్గాలి. స్టోర్‌లో తిరగని ఆ పంపుకు బాలానగర్‌లో బాగు చేయడానికి 35,000 చెప్పారు. బాగు చేయించి ఉంచాలా, సీల్ కిట్టుతో సరిపెట్టాలా అన్నది సోమవారం ఓనరు ముందు పెడతాను. మీలో ఎవరి మిల్లులోనైనా ఇదే మోడల్ పంపు పోయి ఉంటే ఎన్నో ఏట పోయిందో, లోపల ఏది పాడైందో ఇక్కడ రాయండి.